ఉత్తరపు గోడ మీద ఎండ

పగలు పనిచేసిన సంవత్సరాలు నాకు పదకొండు. రాత్రి పనిచేసినవి పదిహేడు. రెండూ ఒకే పని, గీతలు గీయడం. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్ రెండేళ్లు చదివి, 1996లో హైదరాబాద్ వచ్చి ఒక ఆర్కిటెక్ట్ గారి దగ్గర ట్రేసింగ్ పేపర్ మీద మొదలుపెట్టాను. 2007లో అమెరికా వాళ్ల ఇళ్లకి డ్రాయింగులు చేసిపెట్టే ఆఫీసులో చేరాను. అప్పటి నుంచి నాకు తెల్లవారడమంటే క్యాబ్ అద్దంలోంచి కనిపించే పాల వ్యాన్లే. పోయినేడు మానేశాను. ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోదామన్నా నిద్ర రాదు, అందుకే ఇలా రాస్తున్నాను.

రాయాలనుకున్నది ఒక్క రాత్రి సంగతే. 2023 అక్టోబరు, దసరా వెళ్లిన వారం.

దానికి ముందు మా మొదటి మాస్టారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన మా ఆఫీసులో చెకర్. మేం గీసిన ప్రతి షీటూ అమ్మోనియా ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాలి. ఆ వాసనకి కళ్లు మండేవి, ఆయనకి మాత్రం అలవాటు. ఆయన దగ్గర రెండు పెన్సిళ్లు ఉండేవి, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. సరిగ్గా ఉన్న ప్రతి గీతనీ, ప్రతి అంకెనీ పసుపుతో రుద్దేవారు. తప్పుంటే ఎరుపు. తప్పులకి ఎరుపు పెడితే చాలు కదా, ఒప్పులకి పసుపు దేనికండీ అని చేరిన కొత్తలో అడిగాను.

"ఎర్రది లేదంటే తప్పు లేదనా, నేను చూడలేదనా? నీకెలా తెలుస్తుందిరా?" అన్నారు.

ఇంకో సంగతి. ట్రేసింగ్ పేపర్ మీద గోడని 0.5 పెన్నుతో లావుగా గీస్తాం, కిటికీ గీతలు సన్నంగా 0.2తో. ఒకసారి గోడ గీసేశాక అక్కడ కిటికీ కావాలంటే బ్లేడుని సగానికి విరిచి, ఇంకు పొరని మెల్లగా గీకి తీయాలి. గీకిన చోట కాగితం నూగులేస్తుంది. మళ్లీ ఇంకు పెడితే పాకుతుంది. అందుకని గోరుతో రుద్ది నున్నగా చేసి, అప్పుడు గీసేవాళ్లం. ఎంత జాగ్రత్తగా చేసినా షీటుని దీపానికి ఎదురుగా పట్టుకుంటే ఆ మచ్చ కనిపించేది. ఇక్కడ ఒకప్పుడు గోడ ఉండేది, ఎవరో మనసు మార్చుకున్నారు అని కాగితమే చెప్పేసేది.

ఇక ఆ రాత్రి.

మా హాలు బేగంపేట వెనక వీధిలో ఒక బిల్డింగు మూడో అంతస్తు. రాత్రి తొమ్మిదిన్నరకి ఎక్కి పొద్దున ఆరున్నరకి దిగేవాళ్లం. అక్టోబరు కాబట్టి అమెరికా పశ్చిమ తీరానికీ మనకీ పన్నెండున్నర గంటల తేడా. నవంబరు మొదట్లో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకుంటే అది పదమూడున్నర అవుతుంది, మా షిఫ్టూ ఓ గంట జరుగుతుంది. మనకి రాత్రి మూడు గంటలంటే వాళ్లకి ముందు రోజు మధ్యాహ్నం రెండున్నర. నిన్నటి మనుషుల కోసం పనిచేస్తున్నాం అని నవ్వుకునేవాళ్లం.

చేతిలో ఉన్నది ఒక చిన్న రెండంతస్తుల ఇల్లు. స్థలం ఇరుకు, ఇరవై అయిదు అడుగుల వెడల్పు. రోడ్డు పడమర, పెరడు తూర్పు, పక్కవాళ్లు ఉత్తరానా దక్షిణానా. డ్రాయింగులన్నీ నేనే చేశాను. ప్లాన్లూ, ఎలివేషన్లూ, సెక్షన్లూ, కిటికీల పట్టికా. ఇంటి యజమానికి చూపించే రంగు బొమ్మలు, అంటే రెండర్లు మాత్రం మా సిద్దిపేట కుర్రాడి పని.

అంతకు ముందైతే రెండర్ అంటే వేరే లెక్క. కంప్యూటర్లో కట్టిన ఇంటి మోడల్లో ప్రతి గోడకీ రంగు పెట్టాలి, నేలకి చెక్క పెట్టాలి, సూర్యుణ్ణి ఏ నెల ఏ గంటకి ఎక్కడుంటాడో అక్కడ పెట్టాలి. ఆ తర్వాత కంప్యూటరుకి వదిలేస్తే నాలుగైదు గంటలు లెక్క కట్టి బొమ్మ ఇచ్చేది. అది అందంగా ఉండకపోవచ్చు గానీ మోడల్లో లేనిది బొమ్మలోకి వచ్చే దారి లేదు. వెలుగు కిరణం ఎక్కడ తగిలి ఎక్కడికి మళ్లిందో లెక్కే కదా. ఆ ఏడాది మా వాడు కొత్త పద్ధతి నేర్చుకున్నాడు. మోడల్లోంచి గీతల బొమ్మ ఒకటి తీసి, కింద నాలుగు మాటలు టైపు చేసి ఏఐకి ఇస్తే నిమిషంలో ఫోటోలాంటి బొమ్మ వచ్చేది. నాలుగు తీసి, బాగున్న ఒకటి ఉంచేవాడు. క్లయింటుకి తెగ నచ్చింది. మా లీడ్‌కి ఇంకా నచ్చింది, గంటలు మిగిలాయి కదా.

రెండూ నలభై అయ్యుంటుంది. పెరుగన్నం డబ్బా కడుక్కుని వచ్చి కూర్చున్నాను. కుర్రాడు లివింగ్ రూమ్ బొమ్మ పంపి, "అన్నా, జర షీటులో పెట్టవా" అన్నాడు. తెల్లారేలోపు పంపాల్సిన ప్రెజెంటేషన్ షీటు అది. పెట్టాను. ఎడమ పక్కన పడమటి కిటికీలు రెండు, ఎదురుగా పొడవాటి గోడ, లేత బూడిద రంగు సోఫా. నేల మీద ఒక పలక ఎండ.

నాకు ముందు కనిపించింది కిటికీ కాదండీ, ఆ ఎండ. ఎదురుగా ఉన్న గోడలోంచి మనవైపుకి పొడుగ్గా పరుచుకుని ఉంది. ఎందుకో మనసు ఒప్పుకోలేదు. ఆ గోడ ఏ దిక్కుదో గుర్తు తెచ్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. ఉత్తరం. ఆ ఊరు భూమధ్యరేఖకి చాలా పైన ఉంది. అక్కడ సూర్యుడు ఏడాది పొడుగునా మధ్యాహ్నం దక్షిణాన్నే ఉంటాడు. ఎండాకాలంలో మాత్రం పొద్దు పొడిచినప్పుడూ పొద్దు వాలే ముందూ ఉత్తరపు గోడని ఏటవాలుగా రాసుకుని పోతాడు, అంతే. గదిలోకి తిన్నగా ఇంత ఎండ ఆ గోడలోంచి రాదు.

అప్పుడు తల ఎత్తి చూశాను. ఎండ వచ్చిన చోట కిటికీ ఉంది.

చక్కటి కిటికీ. నల్లటి సన్న ఫ్రేము, తెల్లటి గట్టు, గట్టు మీద చిన్న మొక్క. అద్దం అవతల చెట్లు, దూరంగా కొండ. నేను గీసిన గోడ అది, అక్కడ కిటికీ గీయలేదని నాకు తెలుసు. అయినా చూస్తుంటే నేనే మర్చిపోయానేమో అనిపించింది. ఆ బొమ్మ అంత ధీమాగా ఉంది.

డ్రాయింగు తెరిచాను. `LAYISO` కొట్టి A-WALL, A-GLAZ రెండు లేయర్లే మిగిల్చాను. మిగతావన్నీ మాయమైతే నల్లటి తెర మీద ఇల్లంతా ఎముకల గూడులా గోడలూ కిటికీలే మిగులుతాయి. ఉత్తరపు గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎక్కడా తెగలేదు. పట్టిక చూశాను, మొత్తం పదకొండు కిటికీలు. లివింగ్ రూముకి రెండు, రెండూ పడమరవి. బొమ్మలో మూడు.

అక్కడితో ఆగితే అది బొమ్మలో తప్పు, సరిదిద్దుకుంటే సరిపోయేది. కానీ ఆ గోడ మామూలు గోడ కాదు. `DIST` కొట్టి గోడ ముఖం నుంచి స్థలం హద్దు గీత దాకా కొలిచాను. రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు.

ఆ అంకె ఎందుకు ముఖ్యమో కాస్త వివరంగా చెప్తాను. అమెరికాలో ఇళ్లన్నీ ఎక్కువగా కర్రతో కడతారు. ఒక ఇల్లు అంటుకుంటే ఆ సెగ పక్కింటికి పాకడానికి మంట తగలక్కర్లేదు, కిటికీలోంచి వచ్చే వేడి చాలు. అందుకని వాళ్ల ఇళ్ల కోడ్‌లో ఒక నియమం ఉంది. హద్దుకి అయిదు అడుగుల కన్నా దగ్గరగా ఉన్న బయటి గోడ గంటసేపు మంటని ఆపాలి. మూడు అడుగుల కన్నా దగ్గరైతే ఆ గోడలో కిటికీ గానీ తలుపు గానీ అసలు ఉండకూడదు. మూడు నుంచి అయిదు మధ్యలో ఉంటే గోడ వైశాల్యంలో నాలుగోవంతు దాకా ఒప్పుకుంటారు. ఇంట్లో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉంటే లెక్క కొంచెం మారుతుంది, మా ఇంట్లో లేవు. మనది రెండు తొమ్మిది. ఇంకో మూడు అంగుళాలు జరిగి ఉంటే చిన్న కిటికీ ఒకటి పెట్టుకోవచ్చు. జరగడానికి స్థలం లేదు. అమెరికా ఆర్కిటెక్ట్ అది చూసుకునే అక్కడ గుడ్డి గోడ పెట్టాడు. చెక్క నిలువులకి రెండు వైపులా అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల మందం ఉన్న ఫైర్ జిప్సమ్ బోర్డు వేసి, గంట గోడ అని నా చేత రాయించాడు.

ఇంకోటి గమనించాను. బొమ్మలో కిటికీ అవతల చెట్లూ కొండా ఉన్నాయన్నాను కదా. సైట్ ప్లాన్‌లో అక్కడున్నది పక్కింటి గోడ. నిజంగా కిటికీ పెట్టినా ఆరడుగుల అవతల వాళ్ల సైడింగు చెక్కలే కనపడతాయి.

కుర్రాణ్ణి పిలిచాను.

"ఇదెక్కడిదిరా కిటికీ?"

చూసి తల గోక్కున్నాడు. "నేనైతే పెట్టలేదన్నా. అదే పెట్టుకుంది. మంచిగనే ఉంది గదా?"

"నువ్వు ఏమిచ్చావో అది చూపించు."

చూపించాడు. మోడల్లోంచి తీసిన గీతల బొమ్మ. తెల్ల కాగితం మీద నల్ల గీతలు, గది మూలలు, సోఫా, ఎడమ పక్క కిటికీలు. ఎదురు గోడ మీద ఒక దీర్ఘచతురస్రం. నాలుగున్నర అడుగుల పొడవు, రెండున్నర ఎత్తు, నేలకి మూడున్నర అడుగుల పైన.

నాకు నవ్వు వచ్చింది. అది నా డ్రాయింగులో ఉన్నదే. టీవీ బ్లాకింగ్. జిప్సమ్ బోర్డు టీవీ బరువు మోయలేదు, మరలు ఊడొస్తాయి. అందుకని బోర్డు వెనకాల, నిలువుల మధ్యలో చెక్క బిగించి ఉంచుతారు. అది గోడ లోపల ఉండేది, గదిలోకి కనపడదు. మోడల్లో మాత్రం ఎవరో దాన్ని గోడ ముఖం మీదే ఒక దీర్ఘచతురస్రంగా గీసేశారు. వడ్రంగికి అదొక గుర్తు. గీతల బొమ్మలోకి వచ్చేసరికి ఏ గీత దేనిదన్న సంగతి పోతుంది. కిటికీ అంచూ గీతే, గోడలో దాగిన చెక్క అంచూ గీతే.

ఆ ఏఐ ఎలా పనిచేస్తుందో మా వాడు చెప్పగా నాకు అర్థమైనంత ఇది. అది ముందు టీవీలో సిగ్నల్ పోయినప్పుడు వచ్చే చుక్కల్లాంటి గందరగోళంతో మొదలుపెడుతుంది. మెట్టు మెట్టుకీ ఆ చుక్కల్ని తగ్గిస్తూ, తాను నేర్చుకున్న కోట్ల ఫోటోల్లాగా కనపడేట్టు బొమ్మని తేలుస్తుంది. మనమిచ్చిన గీతలు దారి చూపిస్తాయి, కట్టడి చేయవు. ఎంత వరకు గీతల మాట వినాలి, ఎంత వరకు సొంతంగా పోవచ్చు అని చెప్పే మీటలు ఉంటాయి. సొంతంగా పోయే మీటని మా వాడు 0.75 దాకా తిప్పి పెట్టాడు, తక్కువ పెడితే బొమ్మ చప్పగా వస్తోందట. దానికి తోడు కింద టైపు చేసిన మాటల్లో `sunlit living room` అని ఉంది. ఎండ కావాలన్నాడు, గోడ మీద ఒక దీర్ఘచతురస్రం చూపించాడు, అది ఆ రెండూ కలిపింది. ఎండ పడే గది ఫోటోల్లో గోడ మీద ఆ సైజు దీర్ఘచతురస్రం ఉంటే ఏమై ఉంటుంది మరి? దానికి ఉత్తరం తెలియదు, హద్దు గీత తెలియదు. నాలుగు బొమ్మలు తీస్తే మూడింట్లో కిటికీ, ఒక దాంట్లో అద్దం కట్టిన పటం. పటం ఉన్నది మా వాడికి నచ్చలేదు.

"నిన్న పంపిన దాంట్లో?" అన్నాను.

ఇద్దరం నిన్నటి ఫైలు తెరిచాం. అందులోనూ ఉంది. ఆ రోజు షీటులో పెట్టింది నేనే. చూడలేదు. అక్షరాలు వరసలో ఉన్నాయా, స్కేలు సరిపోయిందా చూశాను గానీ, బొమ్మ కదా అని బొమ్మని చూడలేదు. మా మాస్టారు ఉంటే అడిగేవారు, దీని మీద పసుపేదిరా అని.

లీడ్ దగ్గరికి వెళ్లాను. వయసులో నాకన్నా పన్నెండేళ్లు చిన్నవాడు, మంచివాడే, గంటల లెక్కతో సతమతమయ్యేవాడు. "అన్నా, బొమ్మే కదా. పర్మిట్ సెట్లో పెట్టం. కింద ఊహాచిత్రం అని రాసే ఉంది" అన్నాడు. ఆ మాట నిజం. కార్పొరేషన్‌కి వెళ్లేది నా గీతలే, ఆ బొమ్మ కాదు.

నేను వాదించలేదు. ఆ గొప్ప నాది కాదు, వాదించే అవసరం రాలేదు. మూడూ పదికి క్లయింటు ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. రోజూ వచ్చే రెడ్‌లైన్లు, అక్కడి జూనియర్ ఎవరో ప్లాన్ మీద ఎర్రగా రాసి పంపుతారు. మెట్ల కింద తలుపు తిప్పండి, వంటగట్టు రెండంగుళాలు తగ్గించండి, ఇలాంటివి తొమ్మిది. ఎనిమిదోది లివింగ్ రూమ్ ఉత్తరపు గోడ చుట్టూ మేఘంలా గీసిన ఎర్ర గీత. పక్కన రాసింది మన భాషలో చెప్పాలంటే: "రెండర్‌లో ఉన్నట్టు ఇక్కడ కిటికీ చేర్చండి, యజమానికి బాగా నచ్చింది."

లీడ్ అది చదివి నా వైపు చూశాడు. కుర్రాడు ఇద్దరి వైపూ చూశాడు.

ఇరవై ఏడేళ్లలో ప్లాన్ చూసి బొమ్మ దిద్దుకోవడమే నాకు తెలుసు. బొమ్మ చూసి ప్లాన్ దిద్దమని ఎవరూ అడగలేదు. పైగా నేను మామూలుగా ఎర్ర గీత ఉన్నదల్లా చేసుకుపోయే మనిషిని. రాత్రి షిఫ్టులో అది అలవాటైపోతుంది. ఆ రెండర్ నేను ముందే చూసి ఉండకపోతే, పొద్దున నాలుగింటికి నిద్ర మత్తులో ఆ గోడని కోసి పన్నెండో కిటికీ పెట్టి, పట్టికలో ఒక వరస పెంచి, పసుపు రుద్ది పంపేసి ఉండేవాణ్ణి. ట్రేసింగ్ కాగితం కాదు కదా, గీకితే మచ్చ పడటానికి. పర్మిట్ పరిశీలనలో అక్కడి వాళ్లు పట్టుకోవచ్చు. పట్టుకుంటే వారాలు ఆలస్యం. పట్టుకోకపోతే ఏమవుతుందో నేను ఆలోచించదలచుకోలేదు.

మెయిల్ రాద్దామని లీడ్ అన్నాడు గానీ, మళ్లీ తనే ఫోన్ చేద్దామన్నాడు. వాళ్లకి మధ్యాహ్నం మూడు కావొస్తోంది. ఆర్కిటెక్టే ఎత్తాడు. స్పీకరు పెట్టాం. లీడ్ చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో నన్ను చెప్పమన్నాడు. నా ఇంగ్లిష్ అంతంత మాత్రమే. నాలుగు ముక్కల్లో చెప్పాను. కిటికీ డ్రాయింగులో లేదు, బొమ్మ కల్పించుకుంది. అక్కడ టీవీ బ్లాకింగ్ గీత ఉంది. గోడ నుంచి హద్దుకి రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆయన మెల్లగా, ఆ బొమ్మని ఫోన్లో చూసి యజమానికి పంపేశానని చెప్పాడు. ఫోన్ తెర మీద ఎంత కనపడుతుంది? ఆమెకి ఆ గదిలో అన్నిటికన్నా నచ్చింది ఆ కిటికీయేనట. వాళ్లాయన కుర్చీ అక్కడ వేసుకుంటానన్నాడట. ఆర్కిటెక్ట్ గొంతులో కోపం లేదు. నాకు అదే ఇబ్బందిగా అనిపించింది. ఎనిమిదో మార్కు తీసేయమన్నాడు, ఆమెకి తనే ఫోన్ చేసి చెప్తానన్నాడు. రెండు రోజుల తర్వాత పడమటి కిటికీల్లో ఒకదాని వెడల్పు అడుగున్నర పెంచమని మార్కప్ వచ్చింది. చేశాను.

ఆ రాత్రికి మిగిలిన పని బొమ్మ మళ్లీ తీయడం. కుర్రాడు మోడల్లో బ్లాకింగ్ గీతని వేరే లేయర్లోకి పంపి దాచేశాడు. మాటల్లోంచి ఎండ తీసేశాడు. గీతల బొమ్మతో పాటు లోతు బొమ్మ కూడా ఇచ్చాడు. అది దగ్గరున్నది తెల్లగా, దూరమున్నది నల్లగా చూపించే బొమ్మ. అందులో గోడ అంటే చదునైన ఒకే పలక, దాంట్లో చిల్లు పెట్టడం కష్టమవుతుంది. సొంత మీట 0.4కి దించాడు. వచ్చింది. గోడ గోడలాగే ఉంది. దాని మీద మోడల్లోని టీవీని చేత్తో అతికించాడు.

"కిటికీ ఉంటేనే గది మంచిగుండెనన్నా" అన్నాడు.

ఉండె, నిజమే. కాదనలేదు.

ఆ బొమ్మని సగం పారదర్శకం చేసి గీతల మీద పరిచాం. తర్వాత ఒక్కో గోడ దగ్గరా ఆగి కన్నాలు లెక్కపెట్టి పట్టికతో సరిచూశాం. కిటికీ అవతల ఏం కనపడుతోందో సైట్ ప్లాన్‌లో చూశాం. ఎండ ఎటు నుంచి పడుతోందో ఉత్తరం బాణంతో సరిచూశాం. మొత్తం పది నిమిషాల పని. మెట్ల దగ్గర కమ్మీలు పదమూడు ఉండాల్సిన చోట పదకొండే వచ్చాయి, అదీ అప్పుడే దొరికింది. ఆ తర్వాత నుంచి ప్రతి రెండర్‌నీ ప్రింటు తీసి పసుపు పెన్సిలు పట్టుకునేవాణ్ణి. కాగితం దండగని లీడ్ అప్పుడప్పుడూ గొణిగేవాడు.

పొద్దున క్యాబ్‌లో కూర్చున్నాక గుర్తొచ్చింది మా అమ్మ.

తెనాలిలో మా ఇంటి వంటగది దక్షిణపు గోడ సరిగ్గా హద్దు మీద ఉండేది. మిగతా మూడు వైపులా గదులే. పట్టపగలు కూడా బల్బు వేసుకుని వండేది. కట్టెల పొయ్యి పొగ పోవడానికి పైన రెండు పెంకులు జరిపి ఉంచేవాళ్లు. ఆ గోడలో చిన్న కిటికీ పెట్టించమని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్నని అడిగేది. నాన్న తాతయ్యని అడిగేవారు. తాతయ్య ససేమిరా అనేవారు. పక్కవాళ్లతో ఏనాటి నుంచో నోటిమాట ఒప్పందం, ఎవరూ ఆ హద్దు మీద కన్నం పెట్టకూడదని. దాని వెనక ఉన్న సంగతి నాకు చాలా ఏళ్లకి తెలిసింది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒక కిటికీలోంచి ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా వెలుతురు అనుభవిస్తే, ఆ వెలుతురు హక్కు అయిపోతుంది. అప్పుడిక పక్కవాడు తన స్థలంలో దానికి అడ్డంగా గోడ లేపలేడు. అందుకే మన ఊళ్లలో హద్దు మీద ఎవరైనా కిటికీ తెరిస్తే పక్కవాడు మర్నాడే ఇటుకలు దింపుతాడు. అక్కడ నిప్పుకి భయం, ఇక్కడ ఇరవై ఏళ్లకి భయం. తాతయ్య పోయాక నాన్న ఒప్పుకునే లోపు పక్కవాళ్లు డాబా వేసేశారు.

2011లో ఆ ఇల్లు అమ్మేసేటప్పుడు ఖాళీ చేయడానికి వెళ్లాను. వంటగదిలో సామాన్లన్నీ తీసేశాం. గోడ పై నుంచి కింద దాకా పొగకి నల్లబడి ఉంది. అమ్మ ఏటా మార్చి మార్చి ఆ గోడకి ఒక్క మేకు మీదే పెద్ద క్యాలెండరు తగిలించేది. తేదీల కోసం కాదు, తేదీలు చూడ్డానికి ముందు గదిలో ఇంకోటి ఉండేది. ఇది బొమ్మ కోసం. కొబ్బరిచెట్లో, కాలవో, కొండో ఉన్నదే కావాలని బజారంతా అడిగి తెప్పించుకునేది. దేవుడి బొమ్మది ఇస్తే తీసుకునేది కాదు.

ఆ రోజు నేను చివరి క్యాలెండరు తీసేస్తే వెనకాల సున్నం తెల్లగా ఉంది. అలవాటు కొద్దీ జేబులో టేపు తీసి కొలిచాను. అడుగున్నర వెడల్పు, రెండు అడుగుల మూడు అంగుళాల ఎత్తు, నేలకి నాలుగడుగుల పైన. గట్టు ముందు నిలబడి వండే మనిషి కళ్లకి సరిగ్గా ఎదురుగా.